బొంత పార్సెల్ మీది చిరునామా

చిరునామా రాయించుకోవడానికి వచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది ఒకటే మాట: రష్యాకా, ఉక్రెయిన్‌కా?

"రెండూ ఒకటే గదవ్వా, అవే అక్షరాలు," అంటాడు పార్సెళ్ళు కట్టే అంగడి ఆయన, ప్రతిసారీ. ఒకటి కాదని ప్రతిసారీ చెబుతాను. మన తెలుగు అక్షరాలూ కన్నడ అక్షరాలూ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటేనా అని అడిగితే సూదిలో దారం ఎక్కించుకుంటాడు. మర్నాడు మళ్ళీ అదే మాట.

పుట్టపర్తిలో ఆశ్రమం ఎదురు రోడ్డులో ఆయన అంగడి. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు కొన్న పుస్తకాలు, అగరొత్తులు, తెల్లబట్టలు అట్టపెట్టెల్లో పెట్టి, పైన గుడ్డ వేసి కుట్టి, లక్క అంటించి పంపుతాడు. వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు వరకు నేను అక్కడ కూర్చుంటాను. ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక యంత్రాల ఫ్యాక్టరీలో రష్యన్ నుంచి తెలుగుకూ ఇంగ్లీషుకూ కాగితాలు మార్చే ఉద్యోగం చేశాను. రిటైరయ్యాక ఇక్కడికి వచ్చి ఇల్లు తీసుకున్నాను. ఉక్రేనియన్ మాట్లాడేంత రాదు. ఇక్కడ నాలుగేళ్ళున్న ఒక ఉక్రెయిన్ బడిపంతులమ్మ దగ్గర చిరునామా రాసేంత నేర్చుకున్నాను. వీధిలో నన్ను రష్యావ్వ అంటారు. అది తప్పని చెప్పడం మానేశాను.

నా దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉంది. రాసిన ప్రతి చిరునామాకూ ఒక వరుస సంఖ్య, తేదీ, బరువు, పంపినవారు, చేరిన రోజు. చేరినట్టు తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీ గడి కనిపిస్తే నాకు అన్నం సయించదు.

నాలుగు వందల పన్నెండో చిరునామా రాయించుకోవడానికి వచ్చింది ఒక వంటావిడ. కదిరి వైపు పల్లె ఆమెది. అక్కడ వేరుశనగ వరుసగా ఎండిపోయాక భర్తను పోగొట్టుకుని, పని వెతుక్కుంటూ పుట్టపర్తి వచ్చింది. ఒక ఉక్రెయిన్ పెద్దావిడ దగ్గర పదకొండేళ్ళు వంట చేసింది, బట్టలుతికింది, మోకాళ్ళ నొప్పికి నూనె రాసింది. ఆ పెద్దావిడ ఏప్రిల్‌లో వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది. వయసు డెబ్బై ఎనిమిది, ఎవరూ లేరు, చెల్లెలు కూడా పోయిందని కబురొచ్చింది, ఆ చెల్లెలి దగ్గరున్న ఇంటి తాళం తీసుకోవడానికి వెళ్ళాలి. వెళ్ళిన నెల రోజులకు ఆమె ఫోను పలకడం మానేసింది.

"ఈడ ఎండాకాలం మనకే చెమట కారతాంటే ఆమె శాలువా కప్పుకుంటాండె. చలి అంటే భయం ఆయమ్మకి," అంది వంటావిడ, ఒక సంచీ నా ముందు పెట్టి. "ఆడ శలికాలం కరెంటు కూడా పోతాందంట గదమ్మా, టీవీలో చెప్పిరి. గోడల్లో వేడి ఉంటాదంట, అది కూడా బందు చేసినారంట. అందుకే ఇది కుట్టినా."

సంచీలో బొంత. పాత చీరలు ఏడు పొరలు వేసి, దగ్గర దగ్గరగా కుట్టింది. కుట్టును వేలితో కొలిచాను. గోరు వెడల్పుకు రెండు కుట్లు. బరువు మూడు కిలోల నూట యాభై గ్రాములు.

"శలి వచ్చేలోగా చేరాల. అంతే నాకు కావాల్సింది," అంది. "ఆమె ఒక్కతే ఉండాది."

రెండు నెలలు కుట్టింది. జూన్ ఇరవై ఏడు, శుక్రవారం ఆ రోజు.

చిరునామా ఉందా అంటే, కొంగుముడి విప్పి ఒక కాగితం ఇచ్చింది. పెద్దావిడ వెళ్ళేముందు తన చేత్తోనే రాసిచ్చింది, గుండ్రని పాతకాలపు రాత. పేరు తప్ప, వీధి నుంచి దేశం దాకా అన్నీ ఉన్నాయి. నేను మెచ్చుకున్నాను. మనవాళ్ళు ఇచ్చే చిరునామాల్లో ఎదురుగా ఉన్న మందులంగడి ఉంటుంది, పక్కనున్న గుడి ఉంటుంది, ఇంటి నంబరే ఉండదు.

ఉక్రెయిన్ వరుస ఇలా ఉంటుంది. పైన అందుకునేవారి పేరు. కింద వీధి, తర్వాత ఇల్లు, తర్వాత ఫ్లాటు. మనం తలుపు నంబరు ముందు రాసి వీధి తర్వాత రాస్తాం, వాళ్ళు వీధి ముందు రాస్తారు. దాని కింద ఊరు, దాని కింద ఓబ్లాస్తు, అంటే మన జిల్లాకంటే పెద్దది, రాష్ట్రం అనుకోవచ్చు. దాని కింద ఐదంకెల సూచిక, అంటే మన పిన్‌కోడు లాంటిది, చివరన దేశం. రష్యాది ఆరంకెలు, అది చూస్తేనే ఏ దేశమో సగం తెలిసిపోతుంది. కుదింపులు కూడా వేరు. వీధికి రష్యన్‌లో "ул.", ఉక్రేనియన్‌లో "вул.". ఇంటికి రష్యన్‌లో "д.", ఉక్రేనియన్‌లో "буд.". ఊరికి రష్యన్‌లో "г.", ఉక్రేనియన్‌లో "м.". ఫ్లాటుకు మాత్రం రెండింటిలోనూ "кв.". ఈ కుదింపులు ఫోను చేత చదివించవద్దని అంగడి ఆయనకు ఎన్నోసార్లు చెప్పాను. ఒకసారి ఆయన ఫోను "кв."ను చదరపు కొలత అనుకుని, ఒక రష్యన్ పెద్దాయన ఇంటిని ముప్పై ఏడు చదరాలు చేసింది.

వీధి పేరు అర్థం మార్చకూడదు. తోట వీధి అని అర్థమున్నా, వాళ్ళ శబ్దాన్నే మన అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాయాలి. తోట వీధి ఎక్కడ అని వాళ్ళ పోస్టుమాన్‌ను అడిగితే ఏమి చెబుతాడు?

పెద్దావిడ కాగితంలో వీధికి రెండు పేర్లున్నాయి, ఒకటి కొట్టేసి ఉంది. పాత పేరు తీసి కొత్త పేరు పెట్టారట వాళ్ళ ఊళ్ళో. కొట్టేసిందాన్ని వదిలి కొత్తదే రాశాను. పార్సెల్ మీద ఉక్రేనియన్ అక్షరాల్లోనూ, మన తపాలా కచేరీ ఫారం మీద ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయాలి. దేశం పేరు మాత్రం పార్సెల్ మీద కూడా ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో. లేకుంటే మన వాళ్ళు దాన్ని ఏ సంచీలో వెయ్యాలో తెలీదు.

"మొగుని పేరు రాయల్లేదా?" అని అడిగింది వంటావిడ.

"వాళ్ళలో అవసరం లేదు."

"ఆస్పత్రి ఎదురుగా అని అన్నా రాయి. ఫోటో చూపించినాది నాకు, ఇంటి ముందర ఆస్పత్రి ఉండాది."

"అక్కర్లేదు. వీధి, ఇల్లు, ఫ్లాటు ఉంటే చాలు."

"ఎందుకైనా మంచిది గదమ్మా."

"వద్దన్నాను కదా," అన్నాను. ఆ రోజు నేను అంత కచ్చితంగా అనకుండా ఉండాల్సింది.

పెద్దావిడ పేరేమని అడిగాను. చెప్పింది. ఇక్కడ అందరూ పిలిచే పేరే, మన దేశపు పేరు. ఆశ్రమానికి వచ్చిన కొత్తలో పెట్టుకున్నదట, పదకొండేళ్ళుగా పాలవాడు, ఆటోవాళ్ళు, ఇంటాయన అందరూ అదే పేరుతో పిలుస్తున్నారు. నేను కూడా ఒకటి రెండుసార్లు రోడ్డు మీద అదే పేరుతో పలకరించాను. మన "శ"ను ఏ అక్షరంతో రాయాలి, చివరి "మ్మ"ను ఒకటిగానా రెండుగానా అని కాసేపు ఆలోచించి, అందంగా రాశాను. నాకు నచ్చింది కూడా.

అక్టోబరు ఒకటి, బుధవారం. తొంభై ఏడో రోజు. నేను వచ్చేసరికి అంగడి ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అవ్వా, కూచో ముందు. నీళ్ళు తాగు."

"ఏమైంది?"

"బొంత వాపసొచ్చినాది."

గుడ్డ మీద మట్టి, ఒక మూల చిరుగు. మీద ఒక చీటీ అంటించి ఉంది, ఫ్రెంచిలో కారణాల పట్టీ. చిరునామా చాలదు, ఇల్లు మారారు, తీసుకోలేదు, వద్దన్నారు. వీటిలో దేనికీ గుర్తు లేదు. గుర్తు పెట్టింది "అంకొన్యు" అనే గడికి. తెలియని మనిషి అని.

"చిరునామా తప్పు పోయినట్టుండాదే," అన్నాడు అంగడి ఆయన, మెల్లగా. "ముసలితనంలో ఒక అక్షరం అటూ ఇటూ అయితాది, ఏం కాదులేవ్వా."

నాకు ఆ మాట తగిలింది. పుస్తకం తీశాను. పెద్దావిడ కాగితం పక్కన పెట్టి, పార్సెల్ గుడ్డ మీద రాసినదాన్ని ఒక్కో అక్షరం వేలితో చూశాను. సూచిక ఐదంకెలు, సరే. ఓబ్లాస్తు సరే. వీధి సరే, కొత్త పేరే. ఇల్లు, ఫ్లాటు సరే. రష్యన్‌లో "ఇ" పలికే అక్షరం ఉక్రేనియన్‌లో అలా పలకదు, అక్కడ "ఇ"కి చుక్క ఉన్న సన్నగీత రాయాలి. దాన్ని కూడా రెండు చోట్లా సరిగ్గానే రాశాను. మూడుసార్లు చూశాను. తప్పు లేదు.

వంటావిడ వచ్చింది. ఎవరో చెప్పినట్టున్నారు. పార్సెల్‌ను చూసింది, ముట్టుకోలేదు.

"ఆమె లేదామ్మా?" అంది. "పోయినాదా? అందుకేనా తిరిగొచ్చింది?"

"అలాగని ఇందులో లేదు."

"మరి తెలీదు అంటే ఏంది? సొంతింట్లో ఉండే మనిషిని తెలీదంటారా?"

ఆ ప్రశ్నకే నేను ఆగిపోయాను. సొంతింట్లో ఉండే మనిషిని తెలియదని ఎందుకంటారు? ఇల్లు ఉంది, ఫ్లాటు ఉంది. తెలియనిది మనిషి. అప్పుడు గుడ్డ మీద పైవరుస చూశాను. అంత అందంగా రాసిన మన పేరు.

ఆ ఊళ్ళో ఆ పేరుతో ఎవరూ లేరు.

వాళ్ళ దగ్గర పార్సెల్ వస్తే పెట్టెలో చీటీ వేస్తారు. తపాలా కచేరీకి వెళ్ళి గుర్తింపు కాగితం చూపించి తీసుకోవాలి. పార్సెల్ మీది పేరూ గుర్తింపు కాగితంలోని పేరూ కలవాలి. చీటీ ఎవరికీ ఇవ్వడానికి వీల్లేని పేరు రాశాను నేను. పక్కింటివాళ్ళను అడిగినా, ఇండియా పేరున్నవాళ్ళు ఈ ఫ్లాట్లలో ఎవరూ లేరనే చెప్పి ఉంటారు. పదకొండేళ్ళు తాళం వేసి ఉన్న ఇంటి మనిషిని వాళ్ళు ఏ పేరుతో ఎరుగుదురు?

నేను నేర్చుకున్న కాలంలో కవరు మీద పైన "ఎక్కడికి" అని ఉండేది, దాని కింద "ఎవరికి" అని. అందులోని మొదటిదాన్నే నేను నా జీవితమంతా చదివాను. ఫ్యాక్టరీలో యంత్రాలు మనుషుల పేరుతో రావు కదా, ఊరి పేరుతో వస్తాయి.

"తప్పు నాదే," అని చెప్పాను. "చిరునామా కాదు, పేరు తప్పు. ఆమె అసలు పేరేమిటి?"

వంటావిడ నా వైపు చూసింది. "అదే గదమ్మా ఆమె పేరు."

"పాస్‌పోర్టులో ఉండే పేరు. తల్లిదండ్రులు పెట్టింది."

"నేను ఆయమ్మని పేరు పెట్టి పిలిచినానా ఏందమ్మా? అమ్మా అంటి. ఊరోళ్ళు అనే పేరే నాకు తెలుసు."

అంగడి ఆయన కల్పించుకున్నాడు. "ఇంటాయన్ని అడిగితే సరిపాయె గదా. బాడుగకి ఉండే విదేశీవోళ్ళ కాయితాలు పోలీసోళ్ళకి పెట్టల్ల. సి ఫారం అంటారు. ఆయప్ప దగ్గర ఉంటాది."

ఇంటాయన కదిరిలో వేరుశనగ నూనె వ్యాపారం చేసిన కుటుంబంవాడు, ఇక్కడ మూడంతస్తుల ఇల్లు కట్టి బాడుగకు ఇస్తాడు. మధ్యాహ్నం ముగ్గురమూ వెళ్ళాం. ఆయన అప్పుడే భోజనం చేసి మంచం మీద ఒరిగాడు.

"ఏమమ్మా, పాస్‌పోర్టు కాయితాలు అడిగినోళ్ళకంతా ఇచ్చేటివా? రేపు ఏమన్నా అయితే నా మెడకి చుట్టుకుంటాది."

"కాగితం వద్దు. పేరొక్కటే. మీ చేతిలోనే ఉంచుకుని చూపించండి."

"పేరు తెలీకుండానే పదకొండేండ్లు వండిపెట్టినావా?" అని వంటావిడను ఎగతాళి చేశాడు.

ఆమె ఊరుకోలేదు. "నువ్వు పదకొండేండ్లు బాడుగ తీసుకుంటివి గదన్నా, నీకు తెలుసునా? చెప్పు చూద్దాం."

ఆయన నవ్వుతూ లేచాడు. బీరువా తీసి ఒక పొడుగు కవరు తెచ్చాడు. పాస్‌పోర్టు నకలు తీసి, ఫోటోనూ నంబరునూ అరచేత్తో మూసి, రెండు వరుసలు మాత్రం నాకు కనబడేలా పట్టుకున్నాడు. ఇంటిపేరు, పేరు. ఉక్రేనియన్ అక్షరాల్లో, దాని పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో. నేను నా చేత్తో మార్చాల్సింది ఏమీ లేదు, ఉన్నదున్నట్టు ఎక్కించుకున్నాను. పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లీషు అక్షరాలే ఫారం మీద కూడా ఉండాలి. అందులో నా తెలివి చేర్చకూడదు.

చదివి వినిపించాను.

"ఇదెవురు?" అంది వంటావిడ. "ఈ పేరుతో ఆమె ఎవురో పరాయి మనిషి మాదిరి ఉండాదే."

మెట్లు దిగుతుంటే రెండుసార్లు ఆ పేరు నోట్లో పలికి చూసుకుంది. సరిగా రాలేదు.

అంతటితో సరిపోవచ్చు. కానీ నాకు సరిపోలేదు. వాళ్ళ పేరు మూడు ముక్కలు. ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు నుంచి వచ్చేది. విదేశాలకు వెళ్ళే పాస్‌పోర్టులో ఆ మూడోది లేదు. ఊళ్ళో పోస్టుమాన్‌కూ పక్కింటివాళ్ళకూ తెలిసింది మూడు ముక్కల మనిషే. అది లేకపోయినా పార్సెల్ ఇస్తారేమో. కానీ ఒకసారి ఇస్తారేమో అనుకున్నదానికి తొంభై ఏడు రోజులు పోయాయి.

"ఆమె తండ్రి పేరు నీకు తెలీదు కదా?" అని అడిగాను, ఆశ లేకుండానే.

"నాయన పేరా?" అని నిలబడింది వంటావిడ. "అది తెలుసు."

"ఎలా?"

"పుష్య మాసంలో ఒక దినం తద్దినం మాదిరి చేస్తాండె. నన్ను బియ్యం ఉడకబెట్టమని, అందులో తేనె, ఎండుద్రాక్ష వేయించి, దీపం పెట్టి నాయన పేరు చెప్పి ఏడుస్తాండె. పదకొండు తూర్లు విన్నా. మరిచిపోతానా?"

చెప్పింది. ఆ పేరు నాకు తెలిసినదే. ఆమె చెప్పింది ఉక్రేనియన్ రూపం, రష్యన్‌లో అయితే ఇంకోలా ఉంటుంది. ఇంట్లో వాళ్ళ భాషే మాట్లాడేదన్నమాట. కూతురు కాబట్టి ఆ పేరు చివర "ఇవ్నా" చేర్చాను. రష్యన్‌లో అయితే "ఓవ్నా" అయ్యేది. చేతి అలవాటున అదే రాయబోయి, ఆపుకున్నాను.

మర్నాడు గాంధీ జయంతి, తపాలా కచేరీ మూత. శుక్రవారం పాత గుడ్డ విప్పాం. బొంత ఒక మూల తడిసి ఆరిన మరక. వంటావిడ ఇంటికి తీసుకుపోయి ఉతికి, శని ఆది రెండు రోజులు మిద్దె మీద ఆరబెట్టి తెచ్చింది. అక్టోబరు ఆరు, సోమవారం, అంగడి ఆయన కొత్త గుడ్డ వేసి కుట్టాడు.

ఈసారి నేను పేరుతో మొదలుపెట్టాను. పైవరుసలో మూడు ముక్కలూ. అది రాయడానికి మిగతా చిరునామా అంతటికీ పట్టినంత సేపు పట్టింది. తర్వాత వీధి, ఇల్లు, ఫ్లాటు, ఊరు, ఓబ్లాస్తు, సూచిక, దేశం. అంతా అయ్యాక వంటావిడను చూశాను. దేశం పేరు కింద ఖాళీ ఉంది.

"ఆసుపత్రి ఎదురుగా అన్నావు కదా," అన్నాను.

"వద్దన్నావు గదమ్మా."

"నియమం ప్రకారం వద్దు. అయినా కింద చిన్నగా రాస్తాను. పోస్టుమాన్‌కు అడ్డమేమీ కాదు."

రాశాను. నా నోటుపుస్తకంలో అలాంటి చిరునామా అది ఒక్కటే.

"ఏమవ్వా, గుడి పక్కన, సమాధి వెనక అని కూడా రాస్తావా ఏంది ఇంక?" అన్నాడు అంగడి ఆయన.

"నువ్వు దారం బిగించు," అన్నాను.

రోజూ పొద్దునా సాయంత్రమూ ఫోనులో పార్సెల్ నంబరు చూసేదాన్ని. రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు. మన దేశం దాటడానికి తొమ్మిది రోజులు. ఆ తర్వాత ఇరవై రెండు రోజులు ఏ కబురూ లేదు. టీవీలో అక్కడ చలి మొదలైందని చెప్పారు. వంటావిడ ఇప్పుడు వేరే ఇంట్లో పనికి కుదిరింది. పొద్దున వెళ్తూ అంగడి ముందు ఆగి, నా మొహం చూసి, అడగకుండానే వెళ్ళిపోయేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం, నలభై ఏడో రోజు. అందజేయబడింది అని వచ్చింది. రెండుసార్లు చదివి, అంగడి ఆయన చేత కూడా చదివించి, పన్నెండు దాకా ఆగకుండా వంటావిడ పనిచేసే ఇంటికి నడిచి వెళ్ళాను. గిన్నెలు తోముతోంది.

"చేరింది," అన్నాను.

"ఎవురు తీసుకున్నారు?"

"అది ఇందులో ఉండదు."

"మరైతే ఆమె ఉన్నట్టా, లేనట్టా?"

నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. గుర్తింపు కాగితం చూసి ఇచ్చి ఉంటారు కాబట్టి ఆమే అయ్యుంటుందని కూడా చెప్పాను. ఆమె తల ఊపింది. మళ్ళీ గిన్నెల ముందు కూర్చుంది. పుస్తకంలో గడి నింపకుండా పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి ఉంచాను.

జనవరిలో ఉత్తరం వచ్చింది. అంగడి చిరునామాకే, పార్సెల్ మీద మేము రాసిన పంపినవారి చిరునామాకు. లోపల రెండు పేజీలు, అదే గుండ్రని రాత. వంటావిడకు వాళ్ళ భాష రాదు, నాకు మాట్లాడేంత రాదు. దగ్గర నిఘంటువు పెట్టుకుని, రష్యన్‌కు దగ్గరగా ఉన్న మాటలు పట్టుకుని, మెల్లగా చదివాను. వంటావిడ అంగడి మెట్టు మీద కూర్చుని వింది.

చీటీ వచ్చిందట. తండ్రి పేరుతో సహా తన పేరు చూసి, ఇండియా నుంచి ఇలా ఎవరు రాశారా అని ఆశ్చర్యపోయిందట. మోకాళ్ళు నడవనివ్వకపోతే పక్కింటామె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిందట. రోజూ సాయంత్రం నాలుగు గంటలు కరెంటు ఉండదు. అప్పుడు బొంత కప్పుకుని కూర్చుంటుంది. పాత ఫోను పాడైపోయింది, కొత్త నంబరు ఇదీ. తర్వాత ఒక ప్రశ్న. మధ్యలో పసుపు రంగు గుడ్డ, మామిడిపిందెల అంచుది, ఒకటి ఉంది కదా, అది ఎవరి చీర? నీ ఒంటి మీద నేను ఎప్పుడూ చూడలేదు.

నేను చదవడం ఆపాను. వంటావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే నవ్వింది.

"పదకొండేండ్లలో ఒక్క తూరి కట్టలేదు, యాడ చూస్తాది? మా అమ్మది. పెట్టెలో పెట్టి ఉంచిన్నా. గట్టి గుడ్డ అని మధ్యలో వేసినా," అంది. "రాయి అమ్మా. ఫోను తర్వాత చేస్తాంలే, ముందర రాయి. మా అమ్మదని రాయి. ఆమె పేరు కూడా రాయి."

కాగితం తీసుకున్నాను. పేరు చెప్పమన్నాను.